పిళ్ళైచావడిలో యూరో ధర

పుదుచ్చేరి మిషన్ వీధిలో విదేశీ నోట్లు మార్చే దుకాణాల ముందు రోజూ రేట్లు రాసిపెట్టే బోర్డులు కనిపిస్తాయి. ఒక్కో దేశపు డబ్బు పక్కన రెండు అంకెలు. ఒకటి దుకాణదారు కొనే ధర, రెండోది అమ్మే ధర. 2025 డిసెంబరులో డాలరు తొలిసారి 90 రూపాయలు దాటినప్పుడు దేశంలోని పత్రికలన్నీ ఆ వరుసనే పతాక శీర్షికకు ఎక్కించాయి. పుదుచ్చేరిలో మాత్రం చూడాల్సిన వరుస దాని కిందిది. ఆ ఏడాది మొదట్లో 90 రూపాయల దగ్గరున్న యూరో సంవత్సరాంతానికి 105 దరిదాపులకు చేరింది. డాలరు మీద రూపాయి 5 శాతం తగ్గితే, యూరో మీద అంతకు మూడింతలు తగ్గింది. ఈ ఊరికి శీతకాలంలో వచ్చే విదేశీయుల్లో ఫ్రెంచివాళ్ళే ప్రధానం కాబట్టి రూపాయి బలహీనపడటం ఇక్కడ ఎవరికి లాభం, ఎవరికి భారం అన్న లెక్క యూరోతోనే మొదలుపెట్టాలి.

ఆ లెక్క సరిగ్గా తెలియాలంటే వైట్ టౌన్ పసుపుపచ్చ గోడల మధ్య తిరిగితే చాలదు. ఈసీఆర్ మీద ఉత్తరానికి, కాలాపేట వైపు వెళ్ళే టౌన్ బస్సు ఎక్కాలి. ముత్తియాలుపేట దాటగానే కోట్టకుప్పం వస్తుంది, అది తమిళనాడు. ఆరోవిల్‌కు మలుపు తిరిగే చిన్న ముదలియార్‌చావడి, ఆ తర్వాతి బొమ్మయార్‌పాళయం కూడా తమిళనాడే. అక్కడి నుంచి పిళ్ళైచావడిలో అడుగుపెడితే మళ్ళీ పుదుచ్చేరి. పది, పన్నెండు కిలోమీటర్ల దారిలో సరిహద్దు రెండుసార్లు మారుతుంది. పెట్రోలు ధర, మద్యం ధర, పన్నులు కూడా మారతాయి. రోడ్డుకు ఒక పక్క ఒకప్పటి ఇంజనీరింగు కళాశాల, ఇప్పటి సాంకేతిక విశ్వవిద్యాలయం, ఆ పైన 1985లో పుట్టిన కేంద్రీయ విశ్వవిద్యాలయం. మరో పక్క జాలర్ల ఇళ్ళు, వాటి మధ్య లేచిన గెస్ట్ హౌసులు, వాటి వెనక సముద్రం.

ఇక్కడి సముద్రం ఏటా కొంత ఊరిని తీసుకుంటోంది. 1980ల చివర పుదుచ్చేరి రేవు కోసం అడ్డుగోడలు కట్టాక, దక్షిణం నుంచి ఉత్తరానికి సహజంగా కదిలే ఇసుక అక్కడే ఆగిపోయింది. ఉత్తరాన ఉన్న తీరం ఒక్కొక్క ఊరుగా కోతకు గురవుతూ వచ్చింది. పడవలు లాగి నిలిపే ఇసుక తగ్గింది, గెస్ట్ హౌసు యజమాని ‘బీచ్’ అని చూపించుకునే నేల కూడా తగ్గింది. మారకపు రేటు ఎంత అనుకూలించినా ఈ నష్టాన్ని పూడ్చలేదు. ఇది ముందే చెప్పుకోవాలి.

ఇక గది లెక్క. పిళ్ళైచావడిలో సముద్రం కనిపించే ఓ మోస్తరు గది రాత్రికి 6,000 రూపాయలు అనుకుందాం. యూరో 90 ఉన్నప్పుడు పారిస్ నుంచి వచ్చిన దంపతులకు అది 66 యూరోల 67 సెంట్లు. యూరో 105 అయ్యేసరికి అదే గది 57 యూరోలకు దిగింది. రాత్రికి తొమ్మిదిన్నర యూరోలు మిగిలాయి. పది రాత్రులుంటే 95 యూరోలు. వాళ్ళ దృష్టిలో గది ధర తగ్గిపోయింది. యజమాని పుస్తకంలో మాత్రం అదే ఆరు వేలు. ఒక్క రూపాయి కూడా ఎక్కువ రాలేదు.

ఎక్కువ రావాలంటే యజమాని రేటు పెంచాలి. ఏడు వేలు చేస్తే ఫ్రెంచి అతిథికి మళ్ళీ సరిగ్గా 66 యూరోల 67 సెంట్లే పడుతుంది. అతనికి తేడా తెలియదు, యజమానికి వెయ్యి రూపాయలు మిగులుతాయి. కాగితం మీద ఇంత తేలికగా కనిపించే పనిని ఊళ్ళో ఎవరూ ఎందుకు చెయ్యరు? ఆ గదిలో ఏడాది పొడుగునా దిగేది పారిస్ దంపతులు కాదు కనుక. కోవిడ్‌కు ముందు మంచి రోజుల్లో కూడా పుదుచ్చేరికి వచ్చిన ప్రతి పదిమంది యాత్రికుల్లో తొమ్మిది మందికి పైగా స్వదేశీయులే. చెన్నై నుంచి శుక్రవారం సాయంత్రం కారులో బయలుదేరే కుటుంబం, బెంగళూరు నుంచి వచ్చే కుర్రాళ్ళు, హైదరాబాదు నుంచి ఏటీఆర్ విమానంలో దిగే కొత్త జంట. వీళ్ళ జీతాలు రూపాయల్లోనే. ఆరు వేల గది ఏడు వేలైతే వీళ్ళకు వెయ్యి రూపాయలు నిజంగానే పెరిగినట్టు.

ఒకే గదికి ఇద్దరికి రెండు ధరలు పెట్టే అలవాటు ఒకప్పుడు ఉండేది. దేశంలోని పెద్ద హోటళ్ళు విదేశీయులకు డాలర్లలో, మనవాళ్ళకు రూపాయల్లో బిల్లు వేసేవి. 2007 ప్రాంతంలో రూపాయి బలపడి డాలరు 40 కిందికి దిగినప్పుడు డాలర్లలో రేటు పెట్టినవాళ్ళకే ఆదాయం తగ్గింది. అప్పటి నుంచి రూపాయి ధరల వైపే మొగ్గారు. ఈ రోజు ఫోన్‌లో గది వెతికే ఎవరికైనా, అతను లియోన్‌లో ఉన్నా వరంగల్‌లో ఉన్నా, కనిపించేది ఒకే రేటు. చిన్న గెస్ట్ హౌసుకు రెండో రేటు పెట్టే వీలు లేదు.

రేటు పెంచకుండా ఆపే మరో గోడ పన్ను. 2025 సెప్టెంబరు 22 నుంచి 7,500 రూపాయల లోపు గదికి జీఎస్టీ 5 శాతం, ఆ పైన 18 శాతం. 7,500 గదికి పన్ను 375, మొత్తం 7,875. రేటును కేవలం వంద రూపాయలు పెంచి 7,600 చేస్తే పన్ను 1,368 అవుతుంది, అతిథి చేతి నుంచి 8,968 పోతాయి. వంద రూపాయల కోసం అతిథి మీద వెయ్యికి పైగా భారం వెయ్యడానికి ఎవరు సాహసిస్తారు? అందుకే మంచి గదులు సైతం ఆ గీత దగ్గరే ఆగుతాయి. పైగా ఆ 5 శాతం వసూలు చేసే హోటలుకు, తాను కొన్న సరుకుల మీద కట్టిన పన్నును వెనక్కి తీసుకునే వీలు లేదు. ఏసీ మార్చినా, దుప్పట్లు కొన్నా ఆ పన్ను ఖర్చులో కలిసిపోవాల్సిందే. విదేశీ విడిభాగాలతో తయారయ్యే ఏసీ ధర రూపాయి తగ్గినకొద్దీ పైకి పోతుంది, దాని మీది పన్నూ దానితో పాటే పెరుగుతుంది.

మరి రూపాయి తగ్గినందువల్ల పుట్టిన లాభం ఎటు పోతోంది? కొంత అతిథి జేబులో ఉంటుంది. మిగతాదానికి టూర్ ఆపరేటర్ల ఒప్పందాలు చూడాలి. నవంబరు నుంచి మార్చి దాకా సాగే సీజన్‌కు ఒప్పందాలు ఆ ముందు వేసవిలోనే కుదురుతాయి. హోటలు తన గదిని రాత్రికి, మాట వరసకు, 5,000 రూపాయలకు ఖాయం చేస్తుంది. పారిస్ ఏజెన్సీ తన ప్యాకేజీకి యూరోల్లో ధర కట్టి, కరపత్రం అచ్చువేసి అమ్ముకుంటుంది. 2025 మే నెలలో యూరో 96 దగ్గర ఉంది. అప్పటి లెక్కన ఆ గది ఏజెన్సీకి 52 యూరోలు. డిసెంబరులో బిల్లు చెల్లించే రోజుకు అది 47 యూరోల 60 సెంట్లకు తగ్గింది. యాత్రికుడు పాత ధరే కట్టాడు, హోటలుకు ముందు అనుకున్న రూపాయలే అందాయి. ఆ మధ్యలో మిగిలిన నాలుగున్నర యూరోలు పారిస్‌లో ఆగిపోయాయి. ఆన్‌లైన్ బుకింగ్ సైట్ల దారిలో వచ్చే అతిథికైతే ప్రతి ఆరు వేలలో కమిషన్ కింద వెయ్యికి అటూ ఇటూ పోతుంది. రూపాయి బలంగా ఉన్నా బలహీనంగా ఉన్నా ఆ కోత తప్పదు.

దేశం మొత్తం మీద ఈ సంగతి 2013లో చక్కగా కనబడింది. ఆ మే నెలలో డాలరుకు 54 ఉన్న రూపాయి ఆగస్టు ఆఖరుకు 68 దాటింది. ఆ ఏడాది విదేశీ పర్యాటకుల రాక 65.8 లక్షల నుంచి 69.7 లక్షలకు, అంటే సుమారు 6 శాతం పెరిగింది. పర్యాటకం వల్ల వచ్చిన విదేశీ మారకం రూపాయల్లో లెక్కిస్తే 94,487 కోట్ల నుంచి 1,07,671 కోట్లకు, 14 శాతం ఎగబాకింది. అదే ఆదాయాన్ని డాలర్లలో లెక్కిస్తే 1,774 కోట్ల నుంచి 1,845 కోట్లకు, 4 శాతమే. వచ్చినవాళ్ళు 6 శాతం ఎక్కువ, తెచ్చిన డాలర్లు 4 శాతం ఎక్కువ. తలకు లెక్క వేస్తే డాలరు ఖర్చు కాస్త తగ్గిందన్నమాట. 14 శాతం అన్న అంకెలో ఎక్కువ భాగం పర్యాటకం పెరిగినందువల్ల వచ్చింది కాదు, రూపాయి చిన్నదైనందువల్ల వచ్చింది. ప్రభుత్వ ప్రకటనల్లో పర్యాటక ఆదాయం పెరిగిందని చదివినప్పుడు పాఠకుడు ముందు అడగాల్సిన ప్రశ్న, అది ఏ డబ్బులో అని.

రూపాయి ‘పడింది’ అనే మాట కూడా అందరికీ ఒకేలా వర్తించదు. 2022 దీనికి మంచి ఉదాహరణ. ఆ ఏడాది డాలరు 74 నుంచి 82 దాకా ఎగబాకింది, దేశమంతా రూపాయి పతనం గురించే మాట్లాడుకుంది. కానీ ఉక్రెయిన్ యుద్ధంతో యూరో అంతకన్నా దారుణంగా దెబ్బతిని, సెప్టెంబరు నాటికి 80 రూపాయల దగ్గరికి దిగింది. ఏడాది మొదట్లో అది 84. వార్తల్లో రూపాయి బలహీనం, ఫ్రెంచి యాత్రికుడి చేతిలో రూపాయి బలం. డాలరు వరుస చూసి ఈసారి విదేశీయులు బాగా వస్తారని లెక్క వేసుకున్న పుదుచ్చేరి వ్యాపారి ఆ ఏడాది తప్పు వరుస చూసినట్టే.

డబ్బు చౌకైతే జనం వస్తారన్నది కూడా సగం నిజమే. సముద్రానికి అవతలి శ్రీలంకలో 2022లో డాలరుకు 200 ఉన్న అక్కడి రూపాయి 360 దాకా పడిపోయింది. విదేశీయుడికి అంతకన్నా చౌక దేశం ఏముంటుంది? అయినా ఆ ఏడాది వచ్చినవాళ్ళు 7.2 లక్షలే. పెట్రోలు బంకుల ముందు కిలోమీటర్ల క్యూలు, కరెంటు కోతలు ఉన్న చోటికి సెలవు గడపడానికి ఎవరు పోతారు? డబ్బు విలువ కొంత నిలదొక్కుకున్నాక, క్యూలు పోయాక, 2024లో 20 లక్షలు దాటారు. పుదుచ్చేరికీ ఇలాంటి అనుభవమే ఉంది. 2024 నవంబరు 30న ఫెంజల్ తుఫాను ఇక్కడే తీరం దాటి, ఒక్క రోజులో 48 సెంటీమీటర్ల వాన కురిపించింది. సీజన్ ఊపందుకునే వారంలో రోడ్లు, ఇళ్ళు మునిగాయి. యూరో ఎంత ఉందో ఆ వారం ఎవరూ అడగలేదు.

అయితే రూపాయి పతనం పిళ్ళైచావడి గదులను నింపే దారి వేరే ఉంది. అది పారిస్ మీదుగా రాదు, హైదరాబాదు మీదుగా వస్తుంది.

థాయిలాండ్ వీసా లేకుండా రానివ్వడం మొదలుపెట్టాక తెలుగు మధ్యతరగతికి అది దగ్గరి విదేశం అయింది. 2025 మొదట్లో ఒక థాయి బాత్ రెండున్నర రూపాయలు. బాత్ బలపడటం, రూపాయి తగ్గడం రెండూ కలిసి డిసెంబరుకు అది 2 రూపాయల 80 పైసలు దాటింది. అక్కడ 60,000 బాత్‌లు ఖర్చు పెట్టుకునే కుటుంబానికి అంతకుముందు లక్షన్నర సరిపోయేది. డిసెంబరుకు 1,68,000 కావాల్సి వచ్చింది. విమాన టిక్కెట్లు వేరు. ఆ పద్దెనిమిది వేల దగ్గర ఆలోచనలో పడిన కుటుంబానికి ఎదురుగా పుదుచ్చేరి ఉంది. 2024 డిసెంబరు 20 నుంచి బెంగళూరు, హైదరాబాదుల నుంచి ఇక్కడికి విమానం మళ్ళీ నడుస్తోంది. ఫ్రెంచి వీధులు, క్రోసాంలు, సముద్రం కలిసి విదేశం వెళ్ళొచ్చిన భావన కొంత ఇస్తాయి. ఇలా విదేశయాత్ర మానుకున్న స్వదేశీయుడే ఇక్కడి హోటలుకు రూపాయి పతనం ఇచ్చే అసలు లాభం. అతను రేటును యూరోల్లో లెక్కపెట్టడు, బుధవారం కూడా రాడు. శుక్రవారం రాత్రి దిగి ఆదివారం మధ్యాహ్నం గది ఖాళీ చేస్తాడు. సంక్రాంతి, నూతన సంవత్సరం, వరుస సెలవులు వస్తే గదులు దొరకవు. అందుకే మారకపు రేటు ప్రభావం ఇక్కడ సగటు రేటులో కనబడదు, శనివారం రేటులో కనబడుతుంది. జపాన్‌లో ఇది తలకిందులుగా జరిగింది. యెన్ పడిపోయిన 2024లో 3.69 కోట్ల మంది విదేశీయులు వచ్చిపడ్డారు. టోక్యో హోటలు రేట్లను పెంచింది వాళ్ళే, సొంత దేశపు ఉద్యోగికి గది అందకుండా పోయింది. పుదుచ్చేరిలో మనకు పోటీ విదేశీయుడు కాదు, మనలాంటి మరో కుటుంబమే.

ఇప్పుడు ఊరివాళ్ళ సంగతి. పొద్దున్నే ఫైబర్ పడవలు ఒడ్డుకు చేరగానే బుట్టల్లో చేపలు కుమ్మరించి వేలం పాడతారు. ఒక పక్క తలమీద గంప పెట్టుకుని వీధుల్లో అమ్మే ఆడవాళ్ళు, మరో పక్క మోపెడ్ వెనక ఐసు పెట్టె కట్టుకుని వచ్చిన వ్యాపారులు. సీజన్‌లో శనివారం నాడు వంజరం, పెద్ద రొయ్య పాటలో ఐసు పెట్టె వైపే పోతాయి. రిసార్టు వంటగదిలో ఆ ముక్క ప్లేటు ధర ఎంతైనా పలుకుతుంది కాబట్టి వాళ్ళు పాట పెంచగలరు. గంప ఆవిడ కవళ్ళు, సంకర చేపలతో సరిపెట్టుకుంటుంది. పడవవాడికి ఇది మంచి రోజు, పక్క వీధి గృహిణికి కాదు. ఒకే ఊళ్ళో ఒకే ధర ఒకరికి ఆదాయం, మరొకరికి ఖర్చు.

పడవ ఇంధనం దగ్గర చిత్రం ఇంకోలా ఉంది. 2024 మార్చిలో లీటరుకు 2 రూపాయలు తగ్గించాక చమురు కంపెనీలు 2025 అంతా ధరను దాదాపు అక్కడే నిలిపాయి. రూపాయి తగ్గినా బంకు దగ్గర ఎవరికీ ఏమీ అనిపించలేదు. దీని లోపల చూడాల్సింది ఒకటుంది. 2025 జనవరిలో బ్యారెల్ 80 డాలర్ల దగ్గరున్న ముడిచమురు డిసెంబరుకు 62 దగ్గరికి వచ్చింది. రూపాయల్లో చూస్తే 6,880 నుంచి 5,580కి. రూపాయి 86 దగ్గరే నిలిచి ఉంటే అది 5,330 అయ్యేది. అంటే బ్యారెల్‌కు 250 రూపాయల తగ్గుదలను బలహీన రూపాయి మింగింది. మిగిలిన తగ్గుదలలో కొంత పన్నుకు, కొంత కంపెనీలకు పోయింది. బలహీన రూపాయి ప్రభావం ఎప్పుడూ పెరిగిన ధరగానే రాదు. తగ్గాల్సిన ధర తగ్గకపోవడంగా కూడా వస్తుంది, అది ఎవరి కంటికీ ఆనదు.

హోటలు వంటగదిలో వాడే 19 కిలోల గ్యాస్ బండ మాత్రం దాపరికం లేకుండా కదులుతుంది. ప్రతి నెల ఒకటో తేదీన అంతర్జాతీయ ధర, డాలరు రేటు చూసి దాని ధర మారుస్తారు. ఇంట్లో వాడే 14.2 కిలోల బండను ప్రభుత్వం ఆపి ఉంచుతుంది. అందువల్ల టిఫిన్ బండి మీద ఇడ్లీ, దోసె తినే విద్యార్థికి ఆ దెబ్బ తగులుతుంది, ఇంట్లో వండుకునే గృహిణికి అప్పుడే తగలదు. వంటనూనెలో సగానికి పైగా దిగుమతే కనుక అది ఇద్దరినీ వదలదు. అయితే నూనె ధరలో ప్రతి పెరుగుదలనూ రూపాయి మీదికి నెట్టడం అన్యాయం. 2024 సెప్టెంబరులో దిగుమతి సుంకం పెంచినప్పుడు ధర ఎగిసింది, 2025 మే ఆఖరున ముడి నూనెలపై ప్రాథమిక సుంకాన్ని సగం చేశారు. రూపాయి 5 శాతం తగ్గితే దేశంలో ద్రవ్యోల్బణం మీద పడే భారం సుమారు 0.35 శాతమని రిజర్వు బ్యాంకు అంచనా. 2025లో కూరగాయలు, పప్పులు చౌకగా ఉండబట్టి మొత్తం ధరల పెరుగుదల చాలా తక్కువగా నమోదైంది. దేశం లెక్కలో భారం చిన్నదే.

ఊరి లెక్కలో పెద్దది ఇంటి అద్దె. పిళ్ళైచావడి, కాలాపేటల్లో విశ్వవిద్యాలయం, కళాశాలల విద్యార్థులు ఇళ్ళు అద్దెకు తీసుకుని ఉంటారు. ఒక మేడ మీది రెండు గదులను విద్యార్థులకు ఇస్తే నెలకు వచ్చేది, సెలవుల సీజన్‌లో యాత్రికులకు ఇస్తే కొన్ని వారాంతాల్లోనే వస్తుంది. ఇంటి యజమాని అటువైపు మొగ్గడాన్ని తప్పుపట్టలేం. కానీ హోమ్‌స్టేగా మారిన ప్రతి మేడా విద్యార్థికి ఒక ఇల్లు తగ్గినట్టే, ఉన్న ఇళ్ళ అద్దె పెరిగినట్టే. ఈ ధర ఏ ద్రవ్యోల్బణ సూచీలోనూ పిళ్ళైచావడి పేరుతో కనబడదు.

పుదుచ్చేరిలో యూరో పెరిగితే నేరుగా లాభపడే స్థానికుల వర్గం ఒకటి ఉంది. 1962 ఆగస్టు 16న ఈ ప్రాంతం చట్టప్రకారం భారతదేశంలో కలిసినప్పుడు ఫ్రెంచి పౌరసత్వం ఎంచుకున్న కుటుంబాల వారసులు ఇప్పటికీ వేలల్లో ఉన్నారు. ఫ్రెంచి సైన్యంలో, ప్రభుత్వ కొలువుల్లో పనిచేసి వచ్చినవాళ్ళకు పింఛను యూరోల్లో వస్తుంది. నెలకు వెయ్యి యూరోలు వచ్చే ఇంట్లో ఏడాది తిరిగేసరికి 90 వేలు కాస్తా లక్షా ఐదు వేలైంది. పక్కింట్లో అదే వయసున్న భారత ప్రభుత్వ పింఛనుదారుకు పెరిగింది కరువు భత్యం మేరకే. ఒకే కూరగాయల బజారులో, ఒకే దుకాణంలో ఇద్దరూ బేరమాడతారు.

ఇవన్నీ కలిపి చూస్తే రూపాయి పడినప్పుడు పిళ్ళైచావడిలో నిలిచే లాభం చాలా కొంచెం. చిన్న గెస్ట్ హౌసు యజమానులు చేయగలిగిన పని ఒకటుంది. విదేశీ ఏజెన్సీతో ఒప్పందం రాసుకునేటప్పుడు, యూరో ఫలానా రేటు దాటితే తేడాలో సగం హోటలుకు రావాలని ఒక షరతు పెట్టించుకోవడం. ఒక్కొక్కరుగా అడిగితే ఏజెన్సీ వినదు. తీరం వెంబడి యజమానులు కలిసి అడిగితే వినే అవకాశం ఉంది.

తెలుగు యాత్రికులకు కూడా ఒక మాట. పుదుచ్చేరికి వెళ్ళదలిస్తే వీలైనంతవరకు మంగళ, బుధ, గురువారాలు ఎంచుకోండి. గది నచ్చితే ఆ ఊరి నంబరుకు నేరుగా ఫోన్ చేసి రేటు అడగండి. మధ్యలో పోయే వెయ్యి రూపాయల్లో మీకు సగం, ఆ ఇంటికి సగం మిగులుతుంది.